మ వత్తు తోక తెంచకండి: పాత దుకాణం లోగోను కొత్తగా గీయడం గురించి

విశాఖ పాత ఊళ్లో, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల, చేత్తో రాసిన బోర్డులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. వాటి యజమానుల పిల్లలు ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నారు. వాళ్లు డిజైనర్ దగ్గరకు వెళ్లి ముందుగా అడిగేది ఒకటే: "బోర్డు పాతబడిపోయింది, మోడ్రన్‌గా చేసిపెట్టండి. కానీ పాత కస్టమర్లు గుర్తుపట్టాలి." డిజైనర్ తలూపుతాడు. పాత బోర్డులో ఉన్న దేవుడి బొమ్మను నాలుగు గీతలకు కుదిస్తాడు, పేరును ఏదో ఒక తెలుగు ఫాంటులో టైపు చేస్తాడు, రంగులు కొంచెం లేతగా మారుస్తాడు. బొమ్మ ఉంది, పేరు ఉంది, రంగు ఉంది. అయినా మూడు నెలల తర్వాత కూడా జనం వచ్చి "ఓనర్లు మారారా?" అని అడుగుతూనే ఉంటారు.

నా వాదన ఏమిటంటే, ఇలాంటి దుకాణానికి అసలు లోగో బొమ్మ కాదు, పెయింటర్ రాసిన అక్షరాలు. వాటిని తీసేసి ఫాంటు పెడితే, మిగతావన్నీ ఉంచినా గుర్తింపు పోతుంది. వాటిని ఉంచి శుభ్రంగా మళ్లీ గీస్తే, మిగతావి చాలావరకు మార్చుకోవచ్చు.

గాలిలో మాట్లాడకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఊహించుకున్న మిఠాయి దుకాణం. పేరు "శ్రీ లక్ష్మి", కింద చిన్నగా "మిఠాయి దుకాణం". (ఈ పేరుతో ప్రతి ఊళ్లోనూ ఎన్నో దుకాణాలు ఉంటాయి. అదే మన కష్టానికి సగం కారణం.) ముదురు ఆకుపచ్చ రేకు మీద ఎర్ర ఎనామిల్ అక్షరాలు, వాటి చుట్టూ పసుపు అంచు, ఒక పక్క నల్ల నీడ. ఎడమ వైపు పద్మంలో లక్ష్మీదేవి. పెయింటర్ తన పనితనం చూపించింది ఒక్కచోట: క్ష్మిలోని మ వత్తు చివరను వదిలేయకుండా ఎడమకు తిప్పి, ల కింద నుంచి లాగి, శ్రీ కింద ఉన్న క్రావడి దాకా తెచ్చాడు. పేరు కింద అలలాంటి గీత పడింది.

యజమానిని అడిగితే "మా లోగో అమ్మవారి బొమ్మ" అంటాడు. ఆ మాటను అలాగే తీసుకోకూడదు. ఏది లోగో అన్నది రెండు ప్రశ్నలతో తేలుతుంది. ఎంతమంది దాన్ని ఈ దుకాణంతో ముడిపెడుతున్నారు? అదే గుర్తును ఇంకెన్ని దుకాణాలతో ముడిపెడుతున్నారు? అమ్మవారి బొమ్మ మొదటి ప్రశ్నలో నెగ్గుతుంది, రెండోదానిలో ఓడిపోతుంది. బంగారు కొట్టు, కిరాణా కొట్టు, ఫైనాన్స్ ఆఫీసు, అన్నిటి మీదా అదే క్యాలెండర్ బొమ్మ.

కాబట్టి గీయడానికి ముందే పరీక్ష పెట్టాలి. బోర్డును ముక్కలుగా విడదీసి నాలుగు కార్డులు చేయండి. ఒకదాని మీద బొమ్మ మాత్రమే. ఒకదాని మీద పేరు లేకుండా రంగుల పట్టీలు, బోర్డులో ఏ రంగు ఎంత ఉందో అదే పాళ్లలో. ఒకదాని మీద పేరు, మామూలు ఫాంటులో, నలుపులో. చివరిదాని మీద పెయింటర్ రాసిన అక్షరాలు, తోకతో సహా, రంగు లేకుండా. ఒక్కొక్కటి చూపించి "ఇది ఏ కొట్టుది?", "ఇలాంటిది ఇంకెక్కడైనా చూశారా?" అని అడగండి. నెలకు రెండుసార్లయినా కొనేవాళ్లు 20 మంది దొరికితే చాలు. అంతకంటే ఎక్కువమందిని అడిగినా పెద్దగా కొత్త విషయం బయటపడదు.

ఇక్కడ మామూలుగా చేసే తప్పు ఈ పరీక్షను దుకాణం లోపలే పెట్టడం. కౌంటర్ ముందు నిలబడ్డవాడికి ఏ కార్డు చూపించినా "ఇదేగా" అంటాడు. కూరగాయల వరసల దగ్గరో, జగదాంబ వైపు వెళ్లే బస్టాపులోనో అడగాలి. అదే బజారులోని మరో రెండు దుకాణాల ముక్కలు కూడా కలిపి చూపించాలి. అప్పుడు వచ్చే జవాబులకే విలువ. ఇంకో మెలిక కూడా ఉంది. "బోర్డు గుర్తు తెచ్చుకుని గీయండి" అంటే చాలామంది తోకను గీయరు. కానీ చూపిస్తే వెంటనే గుర్తుపడతారు. గుర్తు తెచ్చుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరు. కొనుగోలుదారుడు బజారులో చేసేది రెండోదే. అందుకని గీయించే పరీక్షలో ఒక అంశం రాలేదని దాన్ని తీసెయ్యకండి.

మన దుకాణానికి రంగుల కార్డు, పెయింటర్ అక్షరాల కార్డు రెండూ నెగ్గాయనుకుందాం. ఫాంటులో రాసిన పేరు చూసి "ఏ శ్రీ లక్ష్మి?" అన్నారు. బొమ్మకు ఐదారు దుకాణాల పేర్లు చెప్పారు. ఇక బొమ్మను లోగో నుంచి నిశ్చింతగా తప్పించవచ్చు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. అమ్మవారి బొమ్మ ఉన్న ఖాళీ మిఠాయి డబ్బాను చెత్తబుట్టలో వెయ్యడానికి చాలా ఇళ్లలో చేతులు రావు. బొమ్మ కౌంటర్ వెనక గోడ మీద, అగరొత్తుల స్టాండు పక్కన ఉంటే దాని మర్యాద దానికి దక్కుతుంది.

ఇక అక్షరాల సంగతి. పాత బోర్డులో కనిపించే ప్రతి వంకరా పెయింటర్ ప్రతిభ కాదు. కొన్ని తొందరలో జరిగినవి, కొన్ని చోటు చాలక జరిగినవి. ఎడమ నుంచి రాసుకుంటూ వచ్చి చివర్లో జాగా అయిపోతే క్ష్మి ఇరుకైపోతుంది. రేకు అతుకు దగ్గర గీత కుంగుతుంది. నిచ్చెన మీద నుంచి రాసినవాటిలో కింది భాగాలు లావెక్కుతాయి. వీటిలో ఏది అలవాటు, ఏది ప్రమాదం అని తేల్చడానికి ఒక్క బోర్డు సరిపోదు. పాత బిల్లు పుస్తకం, పాత చేతి సంచి, డబ్బా మూత, పక్క సందులోకి తిరిగి ఉన్న చిన్న బోర్డు, ఏవి దొరికితే అవి పక్కపక్కన పెట్టండి. అన్నిటిలోనూ కనిపించేది గుర్తింపు. ఒక్కదానిలోనే కనిపించేది ప్రమాదం. మ వత్తు తోక అన్నిటిలోనూ ఉంటే అది ఉండాల్సిందే. క్ష్మి ఇరుకుగా ఉండటం పెద్ద బోర్డులోనే ఉంటే దాన్ని సరిచేసినా ఎవరూ గమనించరు. గమనించకపోవడమే మనకు కావాల్సింది.

బోర్డు నకలు తీసుకోవడానికి కింద నిలబడి తీసిన ఫోటో పనికిరాదు. కిందినుంచి చూస్తే పై భాగం చిన్నదవుతుంది, దాన్నే గీస్తే గుడులన్నీ కుంచించుకుపోతాయి. ఎదురు మేడ మీద నుంచి, బోర్డు ఎత్తులో, జూమ్ చేసి తియ్యండి. ఇంకా మంచి పద్ధతి పాతదే: అక్షరాల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అంటించి మార్కరుతో అంచులు గీసుకోవడం. కొలత ఒకటికి ఒకటి వస్తుంది. ఆ షీటును నేల మీద పరిచి, పక్కన టేపు పెట్టి, పై నుంచి ఫోటో తీసుకుంటే చాలు.

కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఆటో ట్రేస్ నొక్కాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. ఎనామిల్ పెచ్చులూడిన ప్రతి చోటా అది ఒక మలుపు పెడుతుంది. ఒక్క ల అక్షరానికి పదులకొద్దీ పాయింట్లు వస్తాయి. ఆ ఫైలును స్టిక్కర్ కటింగ్ మెషీన్‌కు పంపితే బ్లేడు గుండ్రటి చోట గడగడా ఆగుతూ అంచు చిరుగుతుంది. పెన్ టూల్‌తో చేత్తో గీయండి. ప్రతి వంపుకూ పైన, కింద, ఎడమ, కుడి కొనల దగ్గర మాత్రమే పాయింట్లు. అలా గీస్తే లోపలా బయటా కలిపి ల మొత్తం ఇరవై పాయింట్లలోపే అయిపోతుంది.

ఫాంటు ఎందుకు వద్దంటున్నానో ఇక్కడే చెప్పాలి. మంచి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఇవాళ ఉచితంగానే దొరుకుతున్నాయి. రామభద్ర లాంటి లావు అక్షరాలు బోర్డు మీద బాగానే ఉంటాయి. కానీ ఫాంటు తయారుచేసినవాడు ఏ రెండు అక్షరాలు పక్కపక్కన వచ్చినా ఇబ్బంది లేకుండా మ వత్తును ఒక చిన్న గడిలో ఇరికించాల్సిందే. బోర్డు పెయింటర్‌కు ఆ నిర్బంధం లేదు. ఈ ఒక్క పేరుకు ఏది నప్పుతుందో అదే చేశాడు. దుకాణం తాలూకు ప్రత్యేకతంతా ఆ వెసులుబాటులోంచి వచ్చింది. ఫాంటులో టైపు చేసి పక్కన ఒక తోక అతికించే వాళ్లూ ఉన్నారు. ఆ అతుకు తెలిసిపోతుంది, ఎందుకంటే తోక మందం కుంచె మందంతో మొదలై సన్నబడాలి, ఫాంటులో వత్తు మందం మొదటినుంచీ ఒకటే. గోద్రెజ్ 2008లో రూపం మార్చుకున్నప్పుడు సంతకంలాంటి ఆ చేతిరాతను అలాగే ఉంచి రంగులు మార్చింది. అంత పెద్ద సంస్థ రాతను ముట్టుకోకుండా వదిలేసిందంటే కారణం ఉండే ఉంటుంది.

అయితే "అలాగే ఉంచడం" అంటే ఉన్నదున్నట్టు దించడం కాదు. మార్చాల్సినవి మూడు. అక్షరాల గీత మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటే ఒక లెక్కకు తేవాలి. గుడీ వత్తూ కలపకుండా అక్షరం ఒంటి ఎత్తులో ఆరోవంతు చుట్టూ ఉంటే బోర్డుకూ డబ్బాకూ రెండింటికీ సరిపోతుంది. లోపలి ఖాళీలు, ముఖ్యంగా క్షలో ఉన్న చిన్న సందులు, గీత మందంలో కనీసం సగం ఉండేలా తెరవాలి; లేకపోతే చిన్న సైజులో పూడిపోతాయి. తోక కొనను ఎంత సన్నగా ఉంచాలో ఒక హద్దు పెట్టుకోవాలి. కుంచె కొన వెంట్రుకంత సన్నబడగలదు, అక్రిలిక్ కటింగ్ అంత సన్నబడలేదు, విరుగుతుంది. గీత మందంలో నాలుగోవంతు దగ్గర ఆపేసి కొనను గుండ్రంగా చెయ్యడం మేలు.

ఎత్తు లెక్కలో తెలుగుకు ఒక చిక్కు ఉంది, చాలామంది డిజైనర్లు ఇక్కడే తడబడతారు. బోర్డులకు వాడుకలో ఉన్న లెక్క, హాయిగా చదవడానికి పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. అది ఇంగ్లీషు పెద్దక్షరాల లెక్క. తెలుగులో పైన గుడి, కింద వత్తు కలుపుకుంటే మొత్తం ఎత్తు అక్షరం ఒంటికి దాదాపు రెండింతలు అవుతుంది. మన బోర్డు మూడు అడుగుల ఎత్తు, అంటే సుమారు 900 మిల్లీమీటర్లు. పైనా కిందా 75 చొప్పున వదిలితే 750 మిగులుతుంది. "మిఠాయి దుకాణం" వరసకు 150, దాని కింద ఇంగ్లీషుకు 80, మధ్య ఖాళీలకు 80. పేరుకు మిగిలేది 440. అందులో అక్షరం ఒళ్లు 220 మాత్రమే, అంటే ఎనిమిదిన్నర అంగుళాల పైచిలుకు. 26 మీటర్ల దూరం నుంచి హాయిగా కనబడుతుంది. పాత ఊరి వీధికి ఇది బాగానే సరిపోతుంది. కానీ గాజువాకలో హైవే పక్క బ్రాంచి పెడితే చాలదు. అక్కడ ఇంగ్లీషు వరసను తీసి పక్క బోర్డులో పెట్టుకోవాలి. ఎత్తు చాలడంలేదని వత్తులను నొక్కి అక్షరాల కడుపులోకి తోసేవాళ్లున్నారు. మ వత్తును నొక్కితే ఈ దుకాణానికి మిగిలేది ఏమీ లేదు. ఇంగ్లీషును తెలుగు పైన పెట్టాలన్న ఆలోచన వస్తే, రాష్ట్ర దుకాణాల నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాలనీ, వేరే భాష ఏదైనా దాని కిందే రావాలనీ గుర్తుంచుకోండి.

రంగుల దగ్గర రెండు ప్రమాదాలు. మొదటిది, ఎండకు వెలిసిన బోర్డు మీంచి రంగు పట్టుకోవడం. ఫ్లెక్సుల్లో, సంచుల మీద ఎరుపూ పసుపూ ముందు పోతాయి, నీలం చివరిదాకా నిలుస్తుంది; అందుకే పాత ఫ్లెక్సులన్నీ నీలంగా కనిపిస్తాయి. ఎనామిల్ ఎరుపు కూడా తెల్లబారుతుంది. అసలు రంగు కావాలంటే ఫ్రేము పట్టీ విప్పి, దాని కింద ఎండ తగలని అంచు చూడండి. జనానికి గుర్తున్న రంగు అదేనా, వెలిసినదా అని అడుగుతారేమో. పరీక్షలో రెండూ చూపించండి. నా అంచనాలో జ్ఞాపకంలో ఉన్న రంగు ఎప్పుడూ ముదురుగానే ఉంటుంది.

రెండో ప్రమాదం పసుపు అంచును "పాతకాలపు అలంకారం" అని తీసెయ్యడం. లెక్క వేసి చూడండి. ఎరుపు #C8102E, ఆకుపచ్చ #00563F అనుకుంటే, వాటి మధ్య వెలుగు తేడా ఒకటికి ఒకటిన్నర మాత్రమే. రంగులు వేరైనా వెలుగు దాదాపు ఒకటే కావడంతో అంచులు కళ్ల ముందు కదులుతున్నట్టుంటాయి. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియని మగవాళ్లు పన్నెండుమందిలో ఒకరు దాకా ఉంటారని అంచనా. వాళ్లకు అక్షరాలు దాదాపు కనపడవు. మధ్యలో #FFC20E పసుపు పెట్టగానే ఆకుపచ్చతో తేడా ఐదు దాటుతుంది, ఎరుపుతో మూడున్నర దాటుతుంది. అంటే బోర్డును చదివిస్తున్నది ఆ పసుపు గీతే. పెయింటర్‌కు ఈ లెక్కలు తెలియవు, కళ్లు చెప్పాయి. అంచును ఉంచండి, మందాన్ని అన్నిచోట్లా ఒకేలా, అక్షరం గీతలో ఐదోవంతు చేయండి. నల్ల నీడను తీసెయ్యండి. బోర్డు కొత్తగా కనిపించడానికి ఆ ఒక్క తొలగింపు సగం పని చేస్తుంది, ఎవరికీ అది పోయిందని తెలియదు.

డబ్బా మీద పేరు 120 మిల్లీమీటర్ల వెడల్పు వేస్తే ఆ అంచు సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది. ఆఫ్‌సెట్‌లో దానికి ఢోకా లేదు. చేతి సంచుల స్క్రీన్ ప్రింటింగ్‌లో మాత్రం రంగులు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరగడం మామూలే. అక్షరానికి రంధ్రం వదిలి చుట్టూ పసుపు వేస్తే, ఒక పక్క సంచి గుడ్డ తెల్లగా బయటపడుతుంది. పసుపును అక్షరం కింద కూడా నిండుగా వేసి, దాని మీద ఎరుపు వేయించండి. అప్పుడు జరిగినా అంచు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అవుతుందంతే. రంగులు కుదరలేదన్న గోలా ఉండదు.

బిల్లు మెషీన్ ఇంకా కఠినం. 58 మిల్లీమీటర్ల కాగితం వాడే థర్మల్ ప్రింటరుకు అడ్డంగా 384 చుక్కలే, మిల్లీమీటరుకు 8. పేరుకు 300 చుక్కలు ఇస్తే అక్షరం గీత పదమూడు చుక్కలు, అంచు రెండు మూడు చుక్కలు. ఆ అంచు ఒకచోట పడి ఒకచోట పడదు, పళ్లు ఊడిన దువ్వెనలా ఉంటుంది. కాబట్టి ఒకే రంగు రూపం విడిగా గీయాలి: అంచు లేదు, అక్షరాలు నిండు నలుపు, తోక కొంచెం లావు, "మిఠాయి దుకాణం" వరస బొమ్మలో కాకుండా ప్రింటరు సొంత అక్షరాల్లో. తెలుగు అక్షరాలు లేని ప్రింటరైతే ఆ వరస వదిలెయ్యండి.

వాట్సాప్ గుండ్రటి బొమ్మ కోసం శ్రీని తీసేసి, లక్ష్మి మాత్రం తోకతో ఉంచడమే సరైనదని నా అభిప్రాయం. శ్రీ ఒక్కటే పెడదామనిపిస్తుంది, అందంగా ఉంటుంది కూడా. కానీ అది ఎవరిదైనా కావచ్చు.

బోర్డు తయారీలో విశాఖలో తప్పక చూసుకోవాల్సిన విషయం ఒకటి: ఉప్పుగాలి. స్టీలు అక్షరాలు కావాలంటే 304 రకం బీచ్ రోడ్డు వైపు గోధుమరంగు మచ్చలు తేలుతుంది. 316 రకం ఖరీదెక్కువ, కానీ నిలుస్తుంది. విడి విడి అక్షరాలుగా బిగిస్తే వత్తులు ఒంటికి అంటుకోకుండా వేలాడతాయి, ఒక్కోదానికీ సొంత స్క్రూలు కావాలి. మన తోక ఇక్కడ అక్కరకొస్తుంది. దాన్ని శ్రీ క్రావడికి నిజంగానే కలిపి ఒకే ముక్కగా కోయిస్తే కింది భాగమంతా ఒక బద్దెలా గట్టిపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి బోర్డులను ఏం చేసిందో చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. అక్టోబరు, నవంబరు తుపాన్లూ, దసరా దీపావళి రద్దీ ఒకేసారి వస్తాయి కాబట్టి, మార్పిడి సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. ముందు డబ్బాలు, సంచులు. పాత సరుకు అయిపోయేకొద్దీ కొత్తవి. బోర్డు చివర్లో. "సరికొత్త రూపంలో" అని బ్యానరు కట్టకండి. మారలేదు అని నమ్మించాల్సిన చోట మారాం అని చాటింపు వేసుకోవడమే అది.

పాత లోగోకు ట్రేడ్‌మార్క్ ఉంటే, గుర్తింపు దెబ్బతినని చిన్న మార్పును పాత నమోదులోనే సవరించమని 1999 చట్టం 59వ సెక్షన్ కింద అడగవచ్చు. బొమ్మ తీసేయడం చిన్న మార్పు కాదనే అవకాశం ఎక్కువ. కొత్త రూపానికి మిఠాయిలు వచ్చే 30వ తరగతిలో కొత్త దరఖాస్తే మేలు. పాత బోర్డు ఫోటోలు, తేదీలున్న బిల్లు పుస్తకాలు పారెయ్యకండి, మీరు ముందునుంచీ వాడుతున్నారని చూపించడానికి అవే ఆధారం.

డిజైనర్ దగ్గర నుంచి పని తీసుకునేటప్పుడు ఒక్క జేపీజీతో సరిపెట్టుకోవద్దు. అక్షరాలన్నీ గీతలుగా మార్చిన వెక్టర్ ఫైలు (కోరల్‌డ్రాలో `Ctrl+Q`, ఇలస్ట్రేటర్‌లో `Ctrl+Shift+O`), అది పీడీఎఫ్‌లోనూ ఎస్‌వీజీలోనూ, మూడు రంగుల రూపం, ఒక రంగు రూపం, బిల్లుకు 300 చుక్కల నలుపు తెలుపు బొమ్మ, రంగుల అంకెలు రాసిన ఒక పేజీ అడిగి తీసుకోండి. ఆ పేజీలోనే ఇంకో వాక్యం రాయించి, సంతకం పెట్టించి, ఫ్లెక్స్ షాపుకు వెళ్లే ప్రతి కుర్రాడి చేతికీ ఒక కాపీ ఇవ్వండి: పేరు టైపు చెయ్యకూడదు, ఫైలు నుంచే తియ్యాలి. పండగ ఆఫర్ బ్యానరు రాత్రికి రాత్రి కావాల్సి వచ్చినప్పుడు ఫ్లెక్స్ షాపులో పెన్‌డ్రైవ్ తెరుచుకోలేదంటే, అక్కడున్న అబ్బాయి 'అను' అనే తెలుగు ఫాంటులో "శ్రీ లక్ష్మి" అని రెండు నిమిషాల్లో కొట్టేస్తాడు. ఆ ఫ్లెక్సు ఆరు నెలలు వేలాడుతుంది.